విడిపోదామన్న మెసేజ్‌లో అసలు మాట ఎక్కడుంటుంది?

ఫ్రెంచ్ కళాకారిణి సోఫీ కాల్‌కు ఒకరోజు ఫోన్‌లో ఈమెయిల్ వచ్చింది. ప్రేమించినవాడు రాశాడు. ఇక మన కథ ముగిసిందని అందులోని విషయం. చివరి వాక్యం మాత్రం ‘జాగ్రత్తగా ఉండండి’ అని ఉంది. దానికి ఏమని జవాబివ్వాలో ఆమెకు తోచలేదు. అందుకని ఆ ఉత్తరాన్ని 107 మంది స్త్రీలకు ఇచ్చి, ఎవరి వృత్తి ప్రకారం వాళ్లను చదవమంది. ప్రూఫ్‌రీడర్ ప్రూఫులు దిద్దినట్టు దిద్దింది. న్యాయమూర్తి తీర్పరిలా చదివింది. చదరంగం ఆడే ఆమె దాన్ని ఒక ఆటగా చూసింది. తుపాకీ గురి నేర్చినామె ఆ కాగితం మీద కాల్పులు జరిపింది. నటి జాన్ మోరో కెమెరా ముందు చదివి వినిపించింది. ఆ 107లో రెండు చెక్కబొమ్మలు, ఒక పక్షి కూడా ఉన్నాయి. ఇదంతా 2007లో వెనిస్ బినాలే కళా ప్రదర్శనలో ఫ్రాన్స్ పెవిలియన్ నిండా పరుచుకుంది. ప్రదర్శనకు పేరుగా ఆమె ఆ చివరి వాక్యాన్నే పెట్టింది.

ఒక్క ఉత్తరానికి అంతమంది పాఠకులు ఎందుకు అవసరమయ్యారు? అందులో ప్రేమ ఉంది కాబట్టి. ఏది ఏమైనా నిన్ను ప్రేమించడం మానను, ఈ ప్రేమ నాలో చావదు అనే అర్థంలో అతను రాశాడు. అలాంటి మాట చదివిన ఎవరికైనా ‘మరి ఎందుకు వెళ్తున్నట్టు? ఇంకా అవకాశముందేమో’ అనే అనిపిస్తుంది. విడిపోదామనే మెసేజ్ అందుకున్న ప్రతి మనిషీ చేసే పని ఇదే. పదిసార్లు చదువుతారు. స్నేహితురాలికి స్క్రీన్‌షాట్ పంపి ‘నీకేమనిపిస్తోంది?’ అని అడుగుతారు. తీయగా ఉన్న వాక్యాన్ని పట్టుకుని ఆశ పెంచుకుంటారు, చేదుగా ఉన్న వాక్యాన్ని పట్టుకుని కుమిలిపోతారు. చాలాసార్లు ఈ రెండూ తప్పే. తీపి, చేదు రాసినవాళ్ల మనస్థితిని చెబుతాయి. తిరిగి కలిసే దారి ఉందా లేదా అన్నది ఆ మెసేజ్ కట్టుబడిలో తెలుస్తుంది. కారణాన్ని ఎలా చెప్పారు, నిర్ణయం ఏ కాలంలో ఉంది, అవతలివాళ్లు మాట్లాడడానికి చోటు వదిలారా, తర్వాత ఏం జరగాలని రాశారు అన్నవి చూడాలి.

సోఫీ కాల్‌కు వచ్చిన ఉత్తరాన్నే ఆ కళ్లతో చూద్దాం. అతను మొదట తన ఆందోళన గురించి చెప్పుకున్నాడు. ఆ ఆందోళన తనను ఎప్పుడూ వేరే స్త్రీల వైపు నెడుతుందని, ఎన్నటికీ ప్రశాంతంగా ఉండనివ్వదని రాశాడు. ‘ఎప్పుడూ’, ‘ఎన్నటికీ’ అన్నవే ఇక్కడ కీలకం. ఆమె చేసిన తప్పు ఒక్కటీ చెప్పలేదు. కారణం తన స్వభావంలో ఉందన్నాడు. అంటే ఆమె మార్చుకోగలిగింది ఏదీ లేదు. తర్వాత తాను వాడిచూసిన మందులు చెప్పాడు. ఆమె ప్రేమ సరిపోతుందనుకున్నాడు, సరిపోలేదు. రాసుకుంటే తగ్గుతుందనుకున్నాడు, తగ్గలేదు. ఆ ప్రయత్నాలన్నీ భూతకాలంలోనే ఉన్నాయి. ‘మనం ఇలా చేసిచూస్తే’ అనే మాటకు ఇక చోటులేదు.

ఆ వెంటనే ఈ వారమే పాత స్నేహితురాళ్లకు మళ్లీ ఫోన్లు చేయడం మొదలుపెట్టానని చెప్పాడు. వాళ్ల పరిచయం మొదలైనప్పుడు, నలుగురిలో ఒకతెగా తాను ఉండనని ఆమె షరతు పెట్టింది. ఆ షరతు ఇప్పుడు చెల్లదని అతను ఉత్తరంలో తెలియజేస్తున్నాడు తప్ప, దాని గురించి ఆమెతో మాట్లాడడంలేదు. పని జరిగిపోయింది. ప్రేమికులుగా విడిపోయిన రోజున ఇక కలుసుకోవడం కూడా ఉండదని ఆమె పెట్టిన రెండో నియమాన్ని గుర్తుచేసి, అది అన్యాయమే అయినా దానికి తలవంచుతానన్నాడు. అంటే స్నేహితులుగా మిగిలే దారినీ మూసేశాడు, అదీ ఆమె మాటతోనే. తమ పరిస్థితి ఇక బాగుపడదని ఆమెకూ తెలుసని, ఆమె తరఫున కూడా తనే తేల్చేశాడు. చివర్లో, ఇది మరోలా జరిగి ఉంటే బాగుండేదన్నాడు. ‘జరిగి ఉంటే’ అన్నాక జరగలేదనే అర్థం. ఆ తర్వాత జాగ్రత్తలు చెప్పి ముగించాడు.

ఇంత ఉత్తరంలో ఆమెను అడిగిన ప్రశ్న ఒక్కటీ లేదు. ప్రేమ మాటలు ఎన్ని ఉన్నా, ఇది ముగిసిపోయిన ఉత్తరం.

ఇందుకు పూర్తిగా ఎదురు ఉదాహరణ అంతకు రెండువందల ఏళ్ల కిందట ఉంది. స్త్రీల హక్కుల కోసం 1792లోనే పుస్తకం రాసిన ఇంగ్లిష్ రచయిత్రి మేరీ వూల్‌స్టన్‌క్రాఫ్ట్, పారిస్‌లో గిల్బర్ట్ ఇమ్లే అనే అమెరికన్‌ను ప్రేమించింది. 1794లో వాళ్లకు కూతురు పుట్టింది. అతను వ్యాపారం పేరుతో దూరంగా ఉండడం మొదలుపెట్టాడు, వేరే స్త్రీలతో తిరిగాడు. ఆమె అతనికి రాసిన 77 ఉత్తరాలను, ఆమె చనిపోయాక 1798లో భర్త విలియం గాడ్విన్ అచ్చువేశాడు. ప్రేమ ఎలా విరిగిపోతుందో వరుసగా తేదీలతో చూపించే ఇంత వివరమైన సాక్ష్యం అరుదు.

1795లో ఆమె అతని వ్యాపార పని మీదే స్కాండినేవియా దేశాలు తిరుగుతూ రాసిన ఉత్తరాల్లో కోపం ఉంది, నింద ఉంది, ఇక ఈ బాధ భరించలేనన్న మాట పదేపదే ఉంది. పైకి చూస్తే అన్నీ తెగతెంపుల ఉత్తరాలే. కానీ వాటి మధ్యలో ఒక ప్రశ్న వస్తూనే ఉంటుంది: నాతో కలిసి బతకాలని ఉందా, లేక శాశ్వతంగా విడిపోదామా, తేల్చి చెప్పు అని. నిర్ణయం ఆమె తీసుకోలేదు, అతని చేతికి ఇచ్చింది. నిందలన్నీ అతను చేసిన ఫలానా పనుల మీద, అతను రాయని ఉత్తరాల మీద, నిలబెట్టుకోని మాటల మీద ఉన్నాయి. అతను ఆ పనులు మానితే ఆ నిందలకు ఆధారం ఉండదు. అవి ఎంత కటువుగా ఉన్నా, జవాబు కోసం ఎదురుచూసే ఉత్తరాలు. అతని తీరు ఆమెను ఎంత కుంగదీసిందంటే, ఆ ఏడాది రెండుసార్లు ప్రాణం తీసుకోబోయింది. రెండుసార్లూ బతికింది.

చివరి ఉత్తరం స్వరమే వేరు. నిందించడం కూడా తనకు ఇష్టంలేదంది. వాదనలో తప్పు ఎవరిదో తేలనక్కర్లేదంది. పాప విషయంలో నీకు తోచింది చెయ్యి, అదీ త్వరగా చెయ్యి, ఆ తర్వాత నా పేరు నీ దగ్గర ఎవరూ ఎత్తకుండా ఉంటే చాలంది. ప్రశ్నలు లేవు. మిగిలిన ఒకే ఒక్క లావాదేవీని తెమల్చమంది. ఇది శాశ్వతమైన వీడ్కోలని స్పష్టంగా రాసింది. అయితే మనిషి మనసు అంత తేలిగ్గా తెగదు. ఆఖరి వాక్యానికి ముందు వాక్యంలో, నువ్వు ఎన్ని చేసినా, కనిపిస్తున్నట్టుగా నువ్వు ఉండవేమోననే నమ్మకం ఇంకా నన్ను వదలడంలేదనే అర్థం వచ్చే మాట రాసింది. దాని పక్కనే ప్రశాంతంగా విడిపోతున్నానని రాసి ముగించింది. ఆ ఒక్క వాక్యాన్ని ఇమ్లే గనక విడిగా చదువుకుని ఆశపడితే పొరపాటు పడేవాడే. ఆమెలో ప్రేమ మిగిలింది, కానీ ఉత్తరంలో అతను అడుగుపెట్టే చోటు మిగల్లేదు. తర్వాత ఒకసారి లండన్‌లో ఇద్దరూ అనుకోకుండా ఎదురుపడ్డారు. అతను గుర్రం దిగి ఆమెతో కొంతదూరం నడిచాడు. తన మనసు పెద్దగా కలతపడలేదని ఆమె తనకు చెప్పినట్టు గాడ్విన్ రాశాడు.

అతను ప్రేమగా రాశాడు, ఆ ఉత్తరంలో దారి లేదు. ఆమె కటువుగా రాసింది, చివరిదాకా దారి ఉంచింది. ఈ తేడా ఎందుకు వస్తుందో అర్థం కావాలంటే, మనుషులు మామూలు సంభాషణను ఎలా ముగిస్తారో చూడాలి. అమెరికన్ సామాజిక శాస్త్రవేత్తలు ఇమాన్యుయెల్ షెగ్లాఫ్, హార్వీ సాక్స్ 1973లో ప్రచురించిన పరిశోధనలో ఫోన్ సంభాషణల ముగింపులనే పరిశీలించారు. సంభాషణ ఉన్నట్టుండి ఆగిపోదని, ఇద్దరూ కలిసి దాన్ని ముగింపు దాకా తీసుకొస్తారని చూపించారు. మన ఇళ్లలో ఫోన్ పెట్టేసే తీరు వింటే ఇది తెలుస్తుంది. ‘సరే అయితే’ అని ఒకరంటారు. అది ఫోన్ పెట్టేయడం కాదు, ‘ఇంకేమైనా ఉందా?’ అని అవతలివాళ్లకు ఇచ్చే అవకాశం. వాళ్లకేమీ లేకపోతే ‘ఆ, సరే’ అంటారు. ‘మళ్లీ చేస్తా’, ‘ఆదివారం వస్తాం’ అని తర్వాతి కలయిక గురించి ఒక మాట పడుతుంది. అప్పుడు ‘ఉంటా మరి’ అంటారు.

విడిపోయే మెసేజ్‌లో ఈ క్రమమే తలకిందులవుతుంది. తెగతెంపులు ఖాయం చేసుకున్నవాళ్లు ‘సరే అయితే’ అనే ఆ మెట్టునే తీసేస్తారు. అవతలి మనిషికి మాట్లాడే వంతు రాదు. తర్వాతి కలయిక మాట ఉండదు, లేదా కలవకుండా ఉండే ఏర్పాటు ఉంటుంది. మనసులో ఆశ మిగిలినవాళ్లు తెలిసో తెలియకో ఆ మెట్టును వదిలేస్తారు. ప్రశ్నగానో, ఫిర్యాదుగానో, షరతుగానో అది బయటపడుతుంది.

ఇప్పుడు మన ఫోన్లలోకి వద్దాం. కింది రెండు మెసేజ్‌లూ ఈ వ్యాసం కోసం కూర్చినవి. తెలుగు యువతీయువకులు రాసుకునే ధోరణిలోనే ఉన్నాయి.

మొదటిది: ‘నీతో ఇక నావల్ల కావట్లేదు. నేను చేస్తే తప్ప నువ్వు ఫోన్ చెయ్యవు. మీ అమ్మగారికి మన సంగతి దసరాకి చెప్తానన్నావు, దీపావళి కూడా అయిపోయింది. ఎన్నాళ్లని ఇలా? ఇంకెప్పుడూ నాకు మెసేజ్ చెయ్యకు. అసలు నేనంటే నీకు లెక్కుందా?’

రెండోది: ‘నువ్వు చాలా మంచివాడివి. నీ తప్పేమీ లేదు, నన్ను ఎప్పుడూ బాగానే చూసుకున్నావు. చాలా రోజులు ఆలోచించాను. ఈ పెళ్లి నాకు వద్దని నిర్ణయించుకున్నాను. ఇంట్లో కూడా చెప్పేశాను. నీ పుస్తకాలు మా చెల్లి రేపు మీ ఆఫీస్ రిసెప్షన్‌లో ఇస్తుంది. నీతో గడిపిన రోజులు మర్చిపోను. నువ్వు బాగుండాలి.’

వీటిలో ఏది నొప్పిస్తుందని అడిగితే చాలామంది మొదటిదే అంటారు. ఆశ ఎందులో ఉందని అడిగితే మాత్రం అదే జవాబు కావాలి. ‘కావట్లేదు’ అన్నది ఇంకా జరుగుతున్న బాధ. ‘నిర్ణయించుకున్నాను’ అన్నది అయిపోయిన పని. మొదటి మెసేజ్‌లోని రెండు ఫిర్యాదులూ తీర్చగలిగినవి. అతను రేపు ఇంటికెళ్లి అమ్మతో మాట్లాడితే ఆ మెసేజ్‌లో సగానికి పైగా చెల్లకుండాపోతుంది. రెండో మెసేజ్‌లో ఫిర్యాదే లేదు. ‘నీ తప్పేమీ లేదు’ అన్న ఆ మర్యాద మాటలోనే కాఠిన్యమంతా ఉంది, దిద్దుకోవడానికి తప్పంటూ ఉండాలి కదా. మొదటిదాంట్లో ‘మన సంగతి’ అంటూ ఇద్దరినీ ఇంకా ఒకటిగానే చూస్తోంది. రెండోదాంట్లో ‘మన’ అన్నది ఎక్కడా లేదు, నువ్వు వేరు, నేను వేరు.

పుస్తకాల సంగతి దగ్గర కాస్త ఆగాలి. వస్తువులు తిరిగివ్వడం చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, మెసేజ్ ఉద్దేశం దాదాపు ఎప్పుడూ అక్కడే తెలిసిపోతుంది. ‘నీ పుస్తకాలు నా దగ్గరే ఉన్నాయి, ఎప్పుడైనా వచ్చి తీసుకో’ అని రాస్తే అది ఒక కలయికకు ఏర్పాటు. చెల్లెలి చేత, అది కూడా ఇంటికి కాదు ఆఫీస్ రిసెప్షన్‌కు, రోజు కూడా చెప్పి పంపుతుంటే, ఎదురుపడే సందర్భాన్ని ముందే ఆలోచించి తప్పించారని అర్థం. పెద్దలకు చెప్పేయడమూ అలాంటిదే. తెలుగు కుటుంబాల్లో ఇంట్లో చెప్పడమంటే, వెనక్కి తీసుకోవాలంటే మళ్లీ అందరి ముందూ నిలబడాల్సిన పని. అంత దూరం వెళ్లాక మెసేజ్ పెట్టినవాళ్లు సమాచారం ఇస్తున్నారు, సలహా అడగడంలేదు.

ఈ రెండింటికీ మధ్య మూడో రకం ఒకటుంది. ఎక్కువమందిని ఎక్కువకాలం ఇబ్బంది పెట్టేది ఇదే: ‘కొన్నాళ్లు గ్యాప్ తీసుకుందాం.’ అమెరికన్ పరిశోధకురాలు లెస్లీ బాక్‌స్టర్ 1980లలో బంధాలను జనం ఏయే పద్ధతుల్లో తెంచుకుంటారో వర్గీకరించినప్పుడు, దీన్ని విడిగా గుర్తించింది. పూర్తిగా వెళ్లిపోవాలనుకుంటూనే, కాస్త దూరం జరుగుతున్నామని మాత్రమే చెప్పడం దీని లక్షణం. ‘ఫ్రెండ్స్‌గా ఉందాం’ అన్నది కూడా చాలాసార్లు ఈ కోవలోదే. అలా అనేవాళ్లంతా మోసం చేస్తున్నారని కాదు. ఎదుటివాళ్లు ఒక్కసారిగా కుప్పకూలకూడదనే జాలి కూడా ఉంటుంది. కానీ ఆ జాలి ఫలితంగా అవతలి మనిషి నెలల తరబడి ఫోన్ చూసుకుంటూ కూర్చుంటాడు.

నిజమైన విరామానికి, వెళ్లిపోవడానికి వేసిన ముసుగుకు తేడా పోల్చుకోవచ్చు. ‘నా పరీక్షలు ఫిబ్రవరిలో అయిపోతాయి, అప్పటిదాకా ఆదివారాలు మాత్రమే మాట్లాడుకుందాం, ఆ తర్వాత కూర్చుని తేల్చుకుందాం’ అన్న మెసేజ్‌కు గడువుంది, మధ్యలో ఎలా ఉండాలో నియమముంది, తర్వాత చేయాల్సిన పని ఉంది. ‘నాకు కొంచెం టైమ్ కావాలి, చూద్దాం’ అన్నదానికి ఆ మూడూ లేవు. అప్పుడు చేయగలిగింది ఒక్కటే, ‘ఎప్పటిదాకా? ఈలోపు మాట్లాడుకుందామా, వద్దా?’ అని ఒకసారి అడగడం. దానికి రోజు చెప్పగలిగితే విరామం. రెండోసారి కూడా ‘చూద్దాం’ అంటే అది విడిపోవడమే అనుకోవడం మంచిది.

అయితే మెసేజ్ కట్టుబడి అన్నీ చెప్పదు. రాసినవాళ్లకే తమ నిర్ణయం తెలియని సందర్భాలు చాలా ఉంటాయి. సమాంథా జోయెల్ బృందం 2018లో ప్రచురించిన పరిశోధనలో, విడిపోవాలా వద్దా అని ఆలోచిస్తున్నవాళ్లను అడిగితే, దాదాపు సగం మందికి ఉండిపోవడానికీ, వెళ్లిపోవడానికీ బలమైన కారణాలు ఒకేసారి ఉన్నట్టు తేలింది. అలాంటి మనిషి రాసే మెసేజ్‌లో ‘నిర్ణయించుకున్నాను’ కూడా ఉంటుంది, ‘నీకేమనిపిస్తోంది?’ కూడా ఉంటుంది. అర్ధరాత్రి కోపంలో రాసినదానికి తెల్లవారాక విలువ మారిపోవచ్చు. అందుకే ఒక్క మెసేజ్ కన్నా వరుస ముఖ్యం. వూల్‌స్టన్‌క్రాఫ్ట్ ఉత్తరాల్లో మార్పు తెలిసింది కూడా వరుసగా చదివినప్పుడే. ప్రశ్నలు తగ్గుతూ, ఫిర్యాదులు ఆగిపోతూ, ఏర్పాట్లు మాత్రమే మిగిలాయంటే ఆ మనిషి వెళ్లిపోయినట్టే. ఫిర్యాదులు ఆగిపోతే చాలామంది ‘కోపం తగ్గింది’ అని సంతోషిస్తారు. తిరిగొచ్చే సూచన పక్కన లేకుండా ఫిర్యాదులు ఆగిపోవడం మంచి సూచన కాదు.

ఇంకొక హద్దు అన్నిటికన్నా గట్టిది. మొదటి మెసేజ్‌లో ఆశ ఉందని పైన చెప్పుకున్నాం. అయినా అందులో ‘ఇంకెప్పుడూ నాకు మెసేజ్ చెయ్యకు’ అని కూడా ఉంది. ఆమె అడిగిన ప్రశ్నకు ఒకసారి, సూటిగా, సాకులు లేకుండా జవాబివ్వడం వరకు న్యాయం. చెప్పిన పని చేసి, చేశానని చెప్పడం ఇంకా మేలు. ఆ తర్వాత ఆమె మౌనంగా ఉంటే ఆ మౌనమే జవాబు. ఇంటి ముందు నిలబడడం, స్నేహితురాళ్ల ఫోన్ల నుంచి చేయడం, కొత్త నంబర్ తీసుకుని మెసేజ్‌లు పెట్టడం ప్రేమ కిందికి రావు. వద్దని స్పష్టంగా చెప్పినా ఒక స్త్రీని పదేపదే సంప్రదించడం, వెంటపడడం భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షన్ కింద నేరం. మొదటిసారి రుజువైతే 3 ఏళ్ల వరకు జైలుశిక్ష పడవచ్చు. మన సినిమాలు దశాబ్దాలుగా ఈ ప్రవర్తనను పట్టుదలగా చూపించి మన కుర్రాళ్లకు చాలా చెడు చేశాయి. మెసేజ్‌లో ఆశ వెతుక్కునే ప్రతివారూ దీన్ని ముందు గుర్తుంచుకోవాలి.

రాసేవాళ్లకూ ఒక మాట. నిజంగా వెళ్లిపోదలచుకుంటే నిర్ణయాన్ని మొదటి రెండు వాక్యాల్లోనే, అయిపోయిన పనిగా రాయండి. ‘అలా చేసి ఉంటే’, ‘ఎప్పుడైనా’, ‘చూద్దాం’ అన్నవి తీసేయండి. జవాబు వినే ఉద్దేశం లేని ప్రశ్న అడగకండి. వస్తువులు, డబ్బు, ఇంట్లోవాళ్లకు ఎవరు చెప్పాలన్నది తెమల్చండి. మంచి మాట చెప్పాలనిపిస్తే గడిచినదాని గురించి చెప్పండి, రాబోయే రోజుల గురించి వద్దు. మనసులో ఇంకా కలిసుండాలని ఉంటే మాత్రం ‘ఇక సెలవు’ అని బెదిరించకండి. మీకేం కావాలో పేరుపెట్టి, ఎప్పటిలోగానో చెప్పి అడగండి. ‘దీపావళిలోగా మీ అమ్మగారితో మాట్లాడకపోతే నేను ఈ సంబంధంలో ఉండను’ అన్న ఒక్క వాక్యంతో అవతలివాళ్లకు చేయాల్సిన పనీ తెలుస్తుంది, చేయకపోతే ఏమవుతుందో కూడా తెలుస్తుంది.